పిలక ఉన్న కాయ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. అలాంటి నేను మాట్లాడాల్సిన చోట నోరు మూసుకుని కూర్చున్న పొద్దు ఒకటుంది. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి శ్రావణ శుక్రవారం అది. కొనకనమిట్ల దగ్గర మా అత్తగారి ఊళ్ళో నా చేత వరలక్ష్మీ వ్రతం చేయిస్తున్నారు.

మొదటి వ్రతానికి పుట్టింటివాళ్ళు పసుపు, కుంకుమ, రవికగుడ్డ, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టి కూతురి చేతికివ్వాలి. మా నాయన పోయి అప్పటికి ఏడాదిన్నర. అందుకని అత్తమ్మ ఫోన్‌లోనే తేల్చి చెప్పింది. “మీ వదిన చేత ఇప్పించండి. మీ అమ్మ వస్తే రానీ, కాదనను. పళ్ళెం మాత్రం ఆమె పట్టుకోగూడదు.” నేను గయ్యిమనబోతే అమ్మే నన్ను కసురుకుంది. “నువ్వు కాపురం చేసుకోవాల్సిన ఇల్లు అది. నోరు పారేసుకోబాక.”

గురువారం సాయంత్రం అమ్మ, వదిన గిద్దలూరు నుంచి వచ్చారు. వచ్చీ రాగానే అమ్మ వంటింట్లో దూరింది. రాగి చెంబును చింతపండుతో తళతళా తోమింది. తెల్లదారం తొమ్మిది పోగులు పేని, పసుపు నీళ్ళలో తడిపి, తొమ్మిది ముళ్ళు వేసి, ముడికో పువ్వు చొప్పున కట్టి తోరాలు సిద్ధం చేసింది. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చాకిరీ చేసే చేతికి లేని దోషం ఇచ్చే చేతికి ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కలశం సంగతి నాకు చెప్పింది అమ్మే. చిన్నప్పుడు ఎందుకమ్మా ఇదంతా అని అడిగితే, “అది మనిషేనే పిచ్చిదానా. చెంబు ఒళ్ళు. లోపలి నీళ్ళు పాణం. చుట్టిన దారం నరాలు. కొబ్బరికాయ తల, పిలక జుట్టు. పసుపు పూసి కుంకుమ పెడితే అమ్మవారొచ్చి కూసుంటుంది” అంది. నీళ్ళ ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే ఊళ్ళో పెరిగినదాన్ని, నీళ్ళే ప్రాణం అన్న మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంత తెలిసినదాన్ని, నేను చేసిన ఘనకార్యం చూడండి. శుక్రవారం పొద్దున అత్తమ్మ “కాయలకు పీచు తీసిపెట్టమ్మా” అంది. ఎదురుగా మా అమ్మ గడప అవతల కూర్చుని మామిడాకులు తుడుస్తోంది, తలెత్తకుండా. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మంటంతా కాయల మీద చూపించాను. ఇంట్లోవి అయిదు, వదిన పళ్ళెంలోది ఒకటి, ఆరింటికీ పీచు, పిలకలు మొత్తం పీకేసి నున్నగా పెట్టాను. కొట్టే కాయకు పిలక కొట్టే ముందు తీస్తారు. కలశం మీద పెట్టే కాయకు అసలు తీయనే కూడదు.

పంతులుగారు అప్పటికే చెంబుకు దారం చుట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. నీళ్ళలో అక్షింతలు, నాణెం, పువ్వు వేసి మామిడాకులు అమర్చి, కాయ కోసం చెయ్యి చాచారు. చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

“అయ్యో అయ్యో, ఏంది పాపా ఇది! అన్నిటికీ గుండు చేసినావే!” అని అత్తమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. “పిలక లేని కాయ కలశం మీద పెడతారా యాడన్నా? మొదటి వ్రతం! ఎంత అపశకునం!”

పదిన్నరకు రాహుకాలం. గడియారంలో పది కావడానికి పది నిమిషాలుంది. ఊళ్ళో ఉన్న ఒక్క దుకాణంలో కాయలు ముందురోజే అయిపోయాయి. పక్కిళ్ళలో అడుగుదామంటే వాళ్ళ కాయలన్నీ వాళ్ళ కలశాల మీదికి ఎక్కేశాయి. మా ఆయన బండి మీద కొనకనమిట్లకు పోయాడు గానీ, ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పది అయింది. పది దాటింది. అత్తమ్మ నా మొహం చూడటం మానేసింది.

అప్పుడు అమ్మ లేచి తన సంచీ దగ్గరికి వెళ్ళింది. పాత తువ్వాలులో చుట్టిన కొబ్బరికాయ తీసి గడప మీద పెట్టింది. కోలగా, పొడుగాటి పిలకతో ఉంది.

“ఎవరు తెచ్చినారిది?” అంది అత్తమ్మ.

“మా కోడలే తెచ్చింది వదినా. సంచీలో పెట్టి మరిచిపోయినాది.”

మా వదిన తల దించుకుంది. ఆ కాయ నాకు తెలుసు. మా దొడ్లో అంట్లు తోమే చోట నాయన నాటిన చెట్టుది. ఇవ్వనివ్వరని తెలిసీ అమ్మ తెచ్చుకుంది. ఎవరికీ చెప్పకుండా మళ్ళీ గిద్దలూరుకే తీసుకుపోయేది కాబోలు. నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. నేను నోరు మూసుకున్నాను. సిగ్గులేనిదాన్ని, రాహుకాలానికి భయపడి మా అమ్మను అబద్ధం చెప్పనిచ్చాను.

వదిన కాయ అందుకుని నాకిచ్చింది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, రవికగుడ్డ చుట్టి కలశం మీద నిలబెట్టాను. పంతులుగారు ఆవాహన మంత్రాలు చదివారు. పూజ అయింది, కథ అయింది. అమ్మ కట్టిన తోరం అత్తమ్మ నా కుడి మణికట్టుకు కట్టింది. ఆ తొమ్మిది ముళ్ళు చూశాక ఇక నా వల్ల కాలేదు.

“అత్తమ్మా, ఆ కాయ వదినది కాదు. మా అమ్మది.”

అత్తమ్మ మొహం నల్లబడింది. పంతులుగారి వైపు చూసింది.

“ఆవాహన అయిపోయింది తల్లీ. ఉద్వాసన చెప్పిందాకా కలశాన్ని ఎవరూ కదపగూడదు” అన్నారాయన.

ఆ రోజంతా అత్తమ్మ నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం దొడ్లోకి లాక్కుపోయి తిట్టింది. “ఎందుకు చెప్పినావే? రేప్పొద్దున నేను బస్సెక్కి పోతా. ఈ ఇంట్లో బతకాల్సింది నువ్వు. పూజలో ఏ లోపమొచ్చినా ఇంక నీ నెత్తినే రుద్దుతారు.” ఆ మాట నిజం. ఆ కాయ కుళ్ళిందంటే నా పని అయిపోయినట్టే.

మర్నాడు పొద్దున హారతిచ్చి, కలశాన్ని కాస్త ఉత్తరానికి జరిపి ఉద్వాసన చెప్పాం. లోపలి నీళ్ళు మామిడాకుతో ఇల్లంతా చల్లాను. మిగిలినవి తులసి మొదట్లో పోశాను. కాయ అత్తమ్మ తీసుకుంది. పిలక తీసింది. ఒక్క దెబ్బ కొట్టింది.

తెల్లగా, నిండుగా ఉంది. అత్తమ్మ రెండు చిప్పల్నీ తిప్పి తిప్పి చూసింది. తర్వాత ఒక చిప్ప, పసుపుకొమ్ము పళ్ళెంలో పెట్టుకుని సంచీ సర్దుకుంటున్న మా అమ్మ దగ్గరికి వెళ్ళి ఇచ్చింది. అలవాటు చొప్పున కుంకుమభరిణె కూడా తీసింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

“నీకు పెట్టడం నా చేత కాదు వదినా. నాకు చెయ్యి రాదు” అంది. భరిణెను అమ్మ వైపు జరిపింది. “నీ కూతురికి నువ్వే పెట్టి పో.”

అమ్మ భరిణె ముట్టుకోలేదు. నేనే వెళ్ళి ఆమె ముందు కూర్చున్నాను. అమ్మ ఉంగరం వేలు ముంచి నా నుదుట, పాపిట్లో పెట్టింది. సగం నా ముక్కు మీద రాలింది. ఇద్దరం ఏడ్చాం.

బస్సు దాకా నేనే దిగబెట్టాను. అమ్మ చేతులు కడుక్కోలేదు. కిటికీ కడ్డీ పట్టుకున్నప్పుడు చూశాను, వేలికి కుంకుమ అట్లాగే ఉంది.