అరవనివ్వండి

కారు చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయినప్పుడు నాకు మొదట భయం వేసింది. అంతవరకూ చెవిలో ఉన్నట్టే తెలియని ఇంజను మోత ఆగి, టైర్ల చప్పుడూ గాలి చప్పుడూ మాత్రం మిగిలాయి. వెనక సీట్లో పిల్లలిద్దరూ చిప్స్ ప్యాకెట్ కోసం కొట్టుకుంటున్నారు. మావారు గేరు రాడ్డును మధ్యలోకి జరిపి, అలవాటుగా దాని మీద నుంచి చెయ్యి తీసేశారు. మేము మారేడుమిల్లి ఘాట్ దిగుతున్నాం. వాన కురిసి వెలిసింది. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ.

"ఏవండీ, న్యూట్రల్లో పెట్టారా?"

"ఆఁ. అదే దిగిపోద్ది, పెట్రోలెందుకు దండగ."

ఆయన దాన్ని తప్పని ఎన్నడూ అనుకోలేదు. మా అత్తవారిది కాలవల మధ్య ఊరు. చుట్టూ ఎటు చూసినా బల్లపరుపు నేల. అక్కడ దిగుడు అంటే వంతెన దిగుడే. వంతెన నడినెత్తికి రాగానే న్యూట్రల్ చేసి వదిలేయడం వాళ్ల నాన్నగారి స్కూటరు రోజుల నుంచీ వస్తున్న తెలివి. కొవ్వూరు వైపు గోదావరి వంతెన దిగేటప్పుడు ఆయన ఇప్పటికీ అలాగే చేస్తారు. కింద బండి తనంతట తానే ఎంత దూరం పోయిందో చూసి మురిసిపోతారు. నేనూ పక్కన కూర్చుని ఎన్నోసార్లు నవ్వాను.

కానీ ఆ ముందు వారమే రాజమండ్రిలో మా డ్రైవింగ్ స్కూల్ సారు దీని గురించి చెప్పారు. కొత్తగా చేరిన వాళ్లం నలుగురం షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన ఒక చేతిలో టీ గ్లాసు పట్టుకుని మొదలుపెట్టారు.

"మన వాళ్లకి ఎత్తంటే బ్రిడ్జి, పల్లమంటే బ్రిడ్జి అవతల. అంతేనా అండి? ఒకరోజు పిల్లల్నేసుకుని ఘాట్ ఎక్కుతారు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో, దిగేటప్పుడు కూడా ఆ గేరులోనే దిగాలండి. రెండులో ఎక్కితే రెండులోనే. అది కూడా దిగుడు మొదలవక ముందే వేసుకోవాలి, సగం దిగాక కాదు."

నా పక్కన కూర్చున్న రొయ్యల చెరువు రైతు ఊరుకోలేదు. "న్యూట్రల్లో వదిలితే పెట్రోలు మిగులుద్ది కదండీ?"

"మీ చెరువుకి గాలి కొట్టే ఏరియేటర్ తిరుగుతుంటే కరెంటు కాలదా అండి? ఇదీ అంతే. న్యూట్రల్లో ఇంజను ఆడుతూనే ఉంటది, ఆడటానికి తాగుతూనే ఉంటది. అదే గేరులో ఉంచి ఎక్సలేటరు మీంచి కాలు తీశారనుకోండి, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. ఇప్పుడొచ్చే బళ్లయితే ఆ కాసేపూ పెట్రోలు కూడా ఆపేస్తాయి. ఇంజను తిరగనని మొరాయిస్తది చూశారా, ఆ మొరాయింపే మీకు బ్రేకు. న్యూట్రల్ చేశారంటే ఇంజనుకీ చక్రాలకీ లంకె తెగిపోయినట్టే. క్లచ్ తొక్కి పెట్టినా అంతే. ఇక బరువంతా బ్రేకుల మీదే. తొక్కి తొక్కి అవి కాలిపోతే పట్టు పోద్ది."

తర్వాత నావైపు తిరిగారు. నేను అంతకుముందు రోజే గేరు తగ్గించగానే ఇంజను మోతకు జడిసి మళ్లీ క్లచ్ తొక్కేసినదాన్ని.

"మేడమ్, తగ్గించినప్పుడు అరుస్తదండి. అరవనివ్వండి. మీ పిల్లల్ని ఊరుకోబెట్టినట్టు దాన్ని ఊరుకోబెట్టకండి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మాటలన్నీ ఘాట్‌లో నా నాలుక చివర ఉన్నాయి. "సెకండ్ గేరులో దిగాలటండి, మా సారు చెప్పారు" అన్నాను.

"వారం కాలేదు, అప్పుడే నాకు క్లాసా? నీకింకా ఎల్లెల్లారే వచ్చింది, లైసెన్సు కూడా రాలేదు."

పెద్దది వెనక నుంచి "మమ్మీ ఎల్ బోర్డ్, మమ్మీ ఎల్ బోర్డ్" అని పాట అందుకుంది. ఆయన ఇంకా నవ్వారు. ఇంక గట్టిగా చెబితే పిల్లల ముందు గొడవవుతుందని మానేశాను. మలుపుకో బ్రేకు, మలుపుకీ మలుపుకీ మధ్య కూడా బ్రేకు. ఆయన కాలు పెడల్ మీంచి లేవడమే లేదు. నేను ఆ కాలినే చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడినట్టు. "అడవిలో ఏదో తగలబెడుతున్నారు" అన్నారాయన. ఆ తడిలో ఏం తగలబడుతుంది? తర్వాతి మలుపు అనుకున్నదానికంటే వేగంగా వచ్చింది. ఆయన బ్రేకు తొక్కారు. తొక్కుతున్నారు, ఇంకా గట్టిగా తొక్కుతున్నారు. పెడల్ రాయిలా ఉంది, బండి మాత్రం తగ్గడం లేదు.

"పట్టట్లేదే," అన్నారు, మెల్లగా. పిల్లలకు వినపడకూడదని కాబోలు.

స్కూల్ కారులో సారు కూర్చునే ఎడమ సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. మేము తప్పు చేస్తే ఆయన అక్కడి నుంచే ఆపేస్తారు. నేను ఇప్పుడు కూర్చున్నది సరిగ్గా ఆ సీటే. నా కుడికాలు తనంతట తానే కాళ్ల కింది చాపను నొక్కుతోంది. దాని కింద ఏమీ లేదు. నా పిల్లలిద్దరూ వెనక ఉన్నారు, నేను నొక్కుతున్నది ఒక రబ్బరు చాప.

"ఇంజను ఆపేయనా?" అంటూ తాళం వైపు చెయ్యి చాపారు.

"వద్దు! ఆపితే స్టీరింగ్ బిగుసుకుపోద్ది. గేరు వేయండి. మూడు. ముందు మూడు."

వేశారు. క్లచ్ వదలగానే ఇంజను ఒక్క అరుపు అరిచింది. బండి ముందుకు ఊగింది. చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆయన కాలు ఉలిక్కిపడి మళ్లీ క్లచ్ మీద పడింది. అరుపు ఆగింది, బండి మళ్లీ జారింది. అది నా తప్పే, స్కూల్ కారులో నేను చేసిన తప్పే, ఆయన కాలితో.

"క్లచ్ వదిలేయండి! అరవనివ్వండి! అరవనివ్వండి దాన్ని!"

నేను ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. ఆయన కాలు తీసేశారు. ఇంజను అరుస్తూ ఉంది, వాడు ఏడుస్తూ ఉన్నాడు, పెద్దది చెవులు మూసుకుంది. మలుపు తిరిగాం. లోయ అంచున సున్నం కొట్టిన రాళ్లు నా కిటికీ పక్క నుంచే పోయాయి. ఆ తర్వాత రాళ్లు ఒక్కొక్కటిగా కనబడడం మొదలైంది. బండి తగ్గుతోంది. "ఇప్పుడు రెండు" అన్నాను. మళ్లీ అరుపు. ఈసారి ఆయన కాలు కదలలేదు. కొండవైపు రోడ్డు వెడల్పైన చోట, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగి ఆపారు.

ముందు చక్రాల దగ్గర పొగ. దిగి చాలాసేపు నిలబడ్డాం.   బ్రేకులు చల్లారాక, మైదానం వచ్చేదాకా రెండో గేరులోనే దిగాం. దారంతా ఇంజను మోతే.

అది జరిగి నాలుగు రోజులైంది. ఇది రాస్తుంటే ముగ్గురూ నిద్రపోతున్నారు. ఆయన మళ్లీ న్యూట్రల్ చేయరని నాకు నమ్మకం లేదు. రేపు వంతెన దిగేటప్పుడు చెయ్యి అలవాటుగా పోతుంది. వంతెన మీద ఏమీ కాదు కూడా. ఏమీ కాకపోవడమే నాకు భయం. నేను లేని రోజు, పిల్లల్ని ఆయన ఒక్కరే తీసుకెళ్లిన రోజు, నా చేతిలో ఏముంటుంది?

అందుకే ఘాట్ దిగిన మర్నాడు పొద్దున, ఇడ్లీ తింటూ చిన్నవాడు "నిన్న మన కారెందుకు ఏడ్చింది మమ్మీ?" అని అడిగినప్పుడు, ఆయన పేపరు వెనక వింటూ ఉండగానే చెప్పాను.

"అది ఏడవలేదు నాన్నా, మనల్ని పట్టుకుంది. ఈసారి ఎప్పుడైనా పల్లం దిగుతుంటే కారు నోరు మూసుకుందనుకో, అక్కా నువ్వూ కలిసి అరవండి. నాన్న గేరు వేసేదాకా ఆపకండి."