మంచూరియా వాసన వేసిన బూట్లు

అశోక్‌నగర్‌లో మా హాస్టల్ గదిలో సబ్బు, కొబ్బరినూనె, దువ్వెన అన్నీ ఉమ్మడి. ఏ పెట్టెకూ తాళం ఉండేది కాదు. ముట్టకూడనిది ఒక్కటే: నాతో ఉండే సీనియర్ అన్న తోలు బూట్లు. బ్యాంకు ఉద్యోగానికి నాలుగేళ్లుగా చదువుతున్న ఆయన, ఇంటర్వ్యూ రోజే తొడుక్కోవాలని వాటిని గుడ్డసంచిలో దాచుకున్నాడు.

ఆ పిలుపు శుక్రవారానికి వచ్చింది. బుధవారం ఒక ప్రైవేటు కంపెనీ నన్నూ పిలిచింది. అన్న లైబ్రరీలో ఉన్నాడు. అడక్కుండా ఆ బూట్లు తొడుక్కుపోయాను.

కంపెనీ నన్ను ఐదు నిమిషాల్లో వదిలేసింది. వాన వదల్లేదు. చిక్కడపల్లిలో పాదం మునిగే నీళ్లలో నడిచి, ఫుట్‌పాత్ అంచుకు కుడి బూటు ముందుభాగం గీరుకుని గది చేరాను. తుడిచి, మీద పాలిష్ దట్టించి సంచిలో పెట్టేశాను. తప్పు దాచేవాడు కొట్టే పాలిష్‌కు ఉన్నంత మెరుపు దేనికీ ఉండదు.

గురువారం పొద్దున సంచి విప్పితే పాలిష్‌లోంచి తెల్లటి గీతలు తేలి ఉన్నాయి. కోస్తా తీరంతో సహా దేశపటం. అన్న లైబ్రరీకి వెళ్లగానే నారాయణగూడ ఫ్లైఓవర్ కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను.

"దీని మీద పాలిష్ గొట్టినవా?"

"ఔ, కాకా."

"ఉప్పు లోపల్నుంచి వస్తది బిడ్డా. మీద రంగేస్తే ఆగుతదా? తెల్ల సిర్కా పట్కరా పో."

నూడుల్స్ బండివాడిని బతిమాలి సీసాలో కొంచెం వెనిగర్ తెచ్చాను. కాకా పాత పాలిష్ తుడిచేసి, సిర్కాలో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి మెల్లగా అద్దాడు. గీతలు పోయాయి. లోపల పాత పేపర్లు కుక్కి నీడన పెట్టాడు.

"ఎండల పెడదామా, జల్ది ఆరుతది?"

"తోలు పగుల్తది. నీకు జల్ది, బూటుకు గాదు."

ఆరాక తోలుకు క్రీము పట్టించాడు. గీరిన చోట గరుకు కాగితంతో అతి తేలిగ్గా రుద్ది, రంగు క్రీము అద్ది, అది ఆరాక పాలిష్ వేసి బ్రష్ కొట్టాడు. ఆ గీరు ఎక్కడుందో నాకే దొరకలేదు.

శుక్రవారం పొద్దున అన్న సంచి విప్పి, ఒక బూటు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏందిరా, బూట్లల్లకెల్లి మంచూరియా వాసనొస్తున్నది?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. లోపల వేలు పెట్టి, మిగిలిపోయిన పేపరు ముక్క తీశాడు.

"అడిగితే ఇయ్యకపోదునా?"

తిడతాడని చాలా జోకులు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. ఆయన అవే తొడుక్కుని వెళ్లాడు.

ఇంటర్వ్యూ ఎలా జరిగిందో నాకు చెప్పలేదు. సాయంత్రం వస్తూ ఒక తాళం కొనుక్కొచ్చాడు. బూట్లు పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

సబ్బు మాత్రం ఇప్పటికీ ఉమ్మడే.