మధ్య తలుపు

కాన్పయిన తెలుగు తల్లుల దిగులు మీద మా పరిశోధన. ఈ పరాయి దేశంలో మేముండే శివారు టార్నీట్‌లోని తల్లీబిడ్డల క్లినిక్‌లో తెలుగు మాట్లాడే కౌన్సెలర్‌ను పెట్టాలా వద్దా అన్నది మా రిపోర్టు చూసి తేలుస్తామన్నారు క్లినిక్ వాళ్లు. పెట్టించి తీరతానని కనిపించిన ప్రతి తల్లికీ ముందే చెప్పేశాను. నా నోరు ఊరుకోదు.

కమ్యూనిటీ సెంటర్‌లో తల్లుల్ని కలిపి కూర్చోబెట్టి మాట్లాడించే ఫోకస్ గ్రూపులు ఐదు పెట్టాం, ఒక్కోదానిలో ఏడెనిమిది మంది. తల్లులందరినీ పోగుచేసింది ఒకే ఆంటీ, తన వాట్సాప్ గ్రూపులోంచి. పిల్లల్ని ఎత్తుకోవడానికి అత్తగార్లూ వచ్చారు. వాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టి, బిడ్డ ఏడిస్తే తల్లికి వినపడాలని మధ్య తలుపు తీసే ఉంచాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

తర్వాత రికార్డింగులు విని రాసుకుని, ఒక్కో మాటకూ ఒక పేరు పెట్టుకుంటూ పోయాం. దాన్నే కోడ్ అంటాం: నిద్ర లేదు, పాలు చాలడం లేదు, అత్తమ్మ సాయం. నేనూ నా సహోద్యోగీ విడివిడిగా కోడ్ చేసి, తేడా వచ్చినచోట వాదులాడుకుని, దగ్గరివాటిని కలిపి పెద్ద అంశాలు తేల్చాం. మూడో గ్రూపులో కొత్త కోడ్ ఒక్కటే వచ్చింది. నాలుగులో, ఐదులో అదీ లేదు. కొత్తదేమీ రాకపోతే డేటా నిండినట్టే, శాచురేషన్. ఆ మాట ముందు అన్నది నేనే. ఆ తర్వాత ఒక్కో తల్లితో విడిగా జరగాల్సిన ఇంటర్వ్యూలను మా ప్రొఫెసర్ కొట్టేస్తుంటే తల కూడా ఊపాను.

రిపోర్టు పంపిన వారానికి, రెండో గ్రూపులో మాట్లాడిన ఒక తల్లి స్టేషన్ కార్ పార్కులో కనిపించింది. కౌన్సెలర్ ఎప్పుడొస్తుందని అడిగింది. అంతా బాగుందన్నావు కదా, నీకెందుకన్నాను.

"మా అత్తమ్మ పక్క రూంలనే ఉండె గదక్కా, తలుపు తీసే ఉండె. ఏం చెప్పమంటవ్? పొద్దుగాల లేస్తే బాబు మొఖం చూడబుద్ధి గాదు."

ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం, నేనొస్తానన్నాను. ఇక్కడున్న ఒక్క తెలుగు డాక్టరూ వాళ్లింటికి భోజనానికి వచ్చే మనిషట. ఇంకో డాక్టరంటే ఇంగ్లిషులో చెప్పడానికి భర్తను తీసుకెళ్లాలట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది.

అందరూ ఒకే మాట చెప్పారంటే చెప్పగలిగిన మాట అదొక్కటేనని నాకు అప్పుడు తట్టింది. ఆమె ఊసెత్తకుండా, ఆ తలుపు సంగతి చెప్పి, ఇంటర్వ్యూలు చేద్దామని ప్రొఫెసర్‌ను బతిమాలాను. గడువు అయిపోయిందంది. అధ్యయనం పరిమితులు అన్నచోట ఒక వాక్యం చేర్చి రిపోర్టు మళ్లీ పంపనిచ్చింది. ఆ వాక్యం ఎవరూ చదవలేదనుకుంటాను.

కౌన్సెలర్ అవసరం లేదని జవాబు వచ్చింది. కుటుంబాల అండ గట్టిగా ఉందనీ, తెలుగులో ఒక కరపత్రం చాలనీ రాశారు. దానికి సాక్ష్యంగా మా రిపోర్టులోంచి ఒక తల్లి మాట ఎత్తిచూపారు: "మా అత్తమ్మ మంచిగ చూసుకుంటది."

అది ఆ కార్ పార్కులో కనిపించిన తల్లి మాటే. అంతమంది మాటల్లోంచి దాన్ని ఏరి పెట్టింది నేనే.

ఆమె ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఇంకా ఏమీ తేలలేదని చెబుతున్నాను.