నాన్న గడిలో పెట్టిన సి

ఎంబీఏ ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు మేనేజ్‌మెంటు పేపరుకి ఒక కేసు స్టడీ రాసి, నలుగురి ముందు చెప్పాలి. కేసు ఎక్కడినుంచో తెచ్చుకోమన్నారు మేడమ్. ఇద్దరిద్దరు కలిసి చేసే ఈ పనిలో నా జోడీ, సామర్లకోట నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి, ఇంటర్నెట్లో వెతుకుదామంది. నేనే గొప్పగా, మా మండపేటలో రైసుమిల్లులుండగా ఇంటర్నెట్ ఎందుకే అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఏరికోరి తొక్కాను.

మా నాన్న ఒక మిల్లులో హమాలీల జట్టుకి మేస్త్రి. బియ్యం బస్తాలు నింపడం, కుట్టడం, లారీకెత్తడం ఆ జట్టు పని. ఓనరు గారు బస్తాలు నింపి కుట్టే యంత్రం కొనాలని చూస్తున్నారని గుమస్తా చెవిన వేశాడట. ఆ రాత్రి అన్నం తింటూ నాన్న అన్న మాట నాకు బాగా నచ్చింది. "ఆ యంత్రాన్ని లారీలోంచి దించేదెవరు? మేమే కదా. మేం దించం" అన్నాడు. మా నాన్న అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మిల్లు పేరు రాయకుండా అదే కేసుగా రాసేశాం. అందులో ముఖ్యమైనది ఒక పట్టిక. ప్రాజెక్టుతో సంబంధం ఉన్నవాళ్ళంతా వరసలు. అడ్డంగా ఐదు గడులు: అసలు సంగతే తెలియనివాళ్ళు, వ్యతిరేకించేవాళ్ళు, ఎటూ కానివాళ్ళు, మద్దతిచ్చేవాళ్ళు, ముందుండి నడిపించేవాళ్ళు. మనిషి ఇప్పుడు ఏ గడిలో ఉన్నాడో అక్కడ కరెంట్ అని సి, ఏ గడిలో ఉంటే పని సాగుతుందో అక్కడ డిజైర్డ్ అని డి పెట్టాలి. రెంటికీ మధ్య దూరం ఉంటే, ఆ దూరం తగ్గించడానికి ఏం చేస్తామో ప్రణాళిక రాయాలి. అందరికీ చివరి గడిలో డి పెట్టేస్తే మేడమ్ ఒప్పుకోరు. "అందరూ నాయకులైతే బస్తా ఎవరు మోస్తారమ్మా?" అనేవారు.

ఓనరుకి సి, డి రెండూ చివరి గడిలోనే. లారీల వాళ్ళకి ఇంకా ఏమీ తెలియదు, వాళ్ళ మద్దతు కావాలి. హమాలీల మేస్త్రికి సి వ్యతిరేకించే గడిలో, డి మద్దతిచ్చే గడిలో. సి అక్కడే ఎందుకు పెట్టామో ఆధారం రాయమన్నారు కాబట్టి నాన్న మాట ఉన్నదున్నట్టు రాశాను. ప్రణాళికలో, యంత్రానికి ఆర్డరు ఇవ్వకముందే మేస్త్రితో కూర్చుని ఎవరి పని ఏమవుతుందో చెప్పాలని, జట్టులో వాళ్ళకే యంత్రం నడపడం నేర్పాలని రాశాం.

ఇలాంటి పట్టిక నిజం ప్రాజెక్టుల్లో అందరికీ చూపించరని, ఫలానావాడు వ్యతిరేకి అని రాసింది వాడి కంటపడితే ఉన్న సఖ్యత కూడా చెడుతుందని మేడమ్ క్లాసులో చెప్పారు. నేను నోట్సు రాసుకున్నాను. అంతే, రాసుకున్నాను.

చెప్పాల్సిన రోజు అమ్మ నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేసి పంపింది. రాజమండ్రి కాలేజీ గేటు లోపలికి వెళ్ళేసరికి మెట్ల దగ్గర ఒక తెల్ల కారు ఆగింది. చిన్నప్పుడు నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళిన రోజుల నుంచీ నాకు తెలిసిన మనిషి అందులోంచి దిగారు. మా నాన్న పనిచేసే మిల్లు ఓనరు గారు. మా మార్కులు వేయడానికి డిపార్టుమెంటు పిలిచిన అతిథి ఆయనే.

నాన్న పని పోతుంది. ఇక వేరే ఆలోచనే రాలేదు.

నా జోడీ లాప్‌టాప్ తెరిచింది. "సి ని మద్దతు గడిలోకి జరిపేద్దామే. ఆధారం తీసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అంది. జరిపింది. సి, డి ఒకే గడిలో పక్కపక్కన కూర్చున్నాయి. చూడటానికి ఎంతో హాయిగా ఉంది. తర్వాత ప్రణాళిక పేజీకి వెళ్ళింది. "ఇప్పుడు దూరం లేదు కదా. మేస్త్రితో కూర్చోవడం, నేర్పడం, ఇవన్నీ కొట్టేయాలి. ఉన్నట్టే ఉంచితే చాలని రాస్తాను" అంది.

నాన్నని కాపాడబోతే నాన్నతో మాట్లాడాల్సిన అవసరమే లేకుండా పోయింది. యంత్రం వచ్చేస్తుంది, ఎవరూ ఏమీ అడగరు, పట్టికలో నాన్న సంతోషంగా ఉన్నాడు కాబట్టి. నాకు భయంలోనే ఒళ్ళు మండింది. "వెనక్కి జరపవే" అన్నాను. అది నా మొహం చూసి జరిపింది. ఆధారంలో నాన్న మాట మాత్రం తీసేసి, 'సంభాషణలో తెలిసింది' అని రాశాం. ధైర్యం అంతవరకే.

పట్టిక తెర మీద పడింది. నేను వరసగా చెప్పుకుపోయాను. ఓనరు గారు కళ్ళజోడు సర్దుకుని మేస్త్రి వరస దగ్గర ఆగారు.

"ఈ మేస్త్రి వ్యతిరేకమని ఎలా తెలిసిందమ్మా?"

"మాట్లాడితే తెలిసిందండి."

"వీళ్ళని కాదని యంత్రం పెట్టేస్తే ఏమవుద్ది?"

"దాన్ని నడపాల్సింది కూడా వాళ్ళేనండి. ముందే పిలిచి అడిగితే మంచిదండి" అన్నాను.

ఆయన తల ఊపారు. మేడమ్ కూడా ఊపారు. గండం గడిచిందనుకున్నాను.

"మీదే ఊరమ్మా?"

"మండపేటండి."

"అలాగా. ఎవరమ్మాయివి?"

మా వైపు ఎవరికైనా ఇది పలకరింపే. పెళ్ళిలోనూ అడుగుతారు, బస్సులోనూ అడుగుతారు. నేను నాన్న పేరు చెప్పాను. ఆయన ఒకసారి తెర వైపు చూశారు, ఒకసారి నా వైపు చూశారు. "మంచిదమ్మా, బాగా చెప్పావు" అని మార్కుల కాగితం మీదకి వంగారు.

బస్సులో ఇంటిదాకా ఏడుపు ఆపుకుంటూ వచ్చాను. మధ్యాహ్నం దాటాక నాన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం సైకిలు చప్పుడు వినబడేదాకా నేను అరుగు మీదనుంచి లేవలేదు. నాన్న మామూలుగానే వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు.

"ఇవాళ ఓనరు గారు ఆఫీసులోకి పిలిచారమ్మా. కుర్చీ వేయించారు" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ గదిలో నాన్న కూర్చోలేదు. మా ప్రణాళికలో రాసింది రాసినట్టు జరిగింది. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది కూడా.

"ఏమన్నారు నాన్నా?"

"ముందు నీ గురించే చెప్పారు. మీ అమ్మాయిని చూశానయ్యా, ధైర్యంగా మాట్లాడింది, పైకొస్తది అన్నారు. తర్వాత యంత్రం సంగతి ఎత్తారు. నీకేమన్నా ఇబ్బందా, ఉంటే చెప్పు అన్నారు."

"నువ్వేమన్నావు?"

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాకేం ఇబ్బందండి, మా వాళ్ళే దించుతారండి అన్నాను."

"దించం అన్నావు కదా నాన్నా?"

"అది ఇంట్లో అన్నానమ్మా" అన్నాడు. తువ్వాలు దండెం మీద వేస్తూ, "ఆయన నిన్ను చూశారు కదా, ఇక నేనెలా కాదంటాను" అన్నాడు.

పొద్దున కారు దిగిన మనిషిని చూసినప్పటికంటే, ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.