ఫొటోకి ఒక్క కొవ్వొత్తి

మధ్యాహ్నం రెండింటికి సాయంత్రాన్ని తయారు చెయ్యడం నాకు బాగా వచ్చు. కిటికీలకి ముదురు రంగు దుప్పట్లు కట్టాలి. వెనక గోడవారగా ఒక పసుపు బల్బు, పక్కన వెలుతురు తిప్పి కొట్టడానికి తెల్ల థర్మాకోల్ ముక్క. ఫ్యాను ఆపెయ్యాలి, లేకపోతే మంట నిలబడదు. చూసేవాళ్ళకి చల్లటి సాయంత్రం, మెత్తటి దీపపు వెలుగు. తీసేవాళ్ళకి విజయనగరం ఎండాకాలం, ఒళ్ళంతా చెమట.

కొవ్వొత్తి నాది, ఫొటో నా స్నేహితురాలిది. కాలేజీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆన్‌లైన్ పేజీ, ఆర్డర్లు, ప్యాకింగు అన్నీ తనే చూసుకుంటానంది. నాకు పోట్లాటకి నోరుంది గానీ అమ్మకానికి లేదు. సరే అన్నాను.

నేను పుట్టింది సముద్రం ఒడ్డు ఊళ్ళో. ఇసుక దిబ్బల మీద మొగలి పొదలు. ఆ వాసన గాజుగ్లాసులోకి తేవాలని నా పంతం. సోయా మైనాన్ని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, దించి, కాస్త వేడి తగ్గాక మొగలి నూనె కలిపి పోసేదాన్ని. తర్వాత రెండు వారాలు ముట్టుకోకూడదు. అప్పటికి గానీ వాసన మైనంలో స్థిరపడదు. ఆరాక పైన తెల్లగా బూడిద పూసినట్టు గరుకు తేలేది, వత్తి పక్కన చిటికెన వేలితో నొక్కినట్టు చిన్న గుంట పడేది. అది నాకు నామోషీగా ఉండేది.

"ఉండనీయే, ఫొటోకి అదే అందం. సేత్తో సేసినట్టు తెలుస్తాది" అనేది తను.

వత్తి పొట్టిగా కత్తిరించి, గంటసేపు వెలిగించి, పైమైనం చెరువులా కరిగి మెరిసేదాకా ఆగేవాళ్ళం. మంటకి సరిపడా వెలుతురు పెట్టి తీస్తే మైనం నల్లగా వస్తుంది, మైనానికి సరిపడా తీస్తే మంట ఉత్త తెల్ల మచ్చైపోతుంది. అందుకని కెమెరా కదపకుండా రెండూ విడిగా తీసి తర్వాత కలిపేది. పనిలో దానికి వంక పెట్టలేను, ఇప్పటికీ.

ఆర్డర్లు మాత్రం రాలేదంది. "మనోళ్ళకి ఇవి ఎక్కవే. ఇంకొన్నాళ్ళు సూద్దాం. ఈలోగా కొత్త ఫొటోకి ఒక్కటి సెయ్యి, సాలు." ఏడాదిపాటు అలా ఒక్కొక్కటే చేసిచ్చాను. నా అంత తెలివైనది ఈ జిల్లాలో ఉండదు.

మొన్నామధ్య ఆమదాలవలసలో మా మేనత్తని చూడ్డానికి వెళ్తూ, మొదటిసారి ఫొటోకి కాకుండా ఒకటి అత్త కోసం పోసి పట్టుకెళ్ళాను. అత్త దాన్ని చూసి నవ్వింది.

"నా కాడ ఉన్నాయే నీయి! పక్కింటి పిల్ల సేత నీ పేజీలోంచి తెప్పించినాను."

అలమరలో మూడు పెట్టెలు. పెట్టె మీద నా గ్లాసు, నా గరుకు మైనం, నా గుంట, మా దుప్పట్ల సాయంత్రం. కింద "చేతి తయారీ" అని రాసి, బెంచీ మీద కూర్చుని నేను చెప్పిన మొగలి పొదల ముచ్చట కూడా అచ్చు వేయించింది నా స్నేహితురాలు. పెట్టె విప్పాను. లోపల అద్దంలా నున్నటి ఫ్యాక్టరీ మైనం. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఫినాయిల్ గుర్తొచ్చింది.

పెరట్లోకి వెళ్ళి దానికి ఫోన్ చేశాను.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

దబాయింపుకి దిగింది. "వారానికి నువ్వెన్ని సెయ్యగలవు, సెప్పు? కంపెనీ సరుకైతే ఎన్ని కావాలంటే అన్ని వస్తాయి. అయినా ఫొటో నాదే కదే."

"అందులో ఉన్నది నాది."

"ఆ ఒక్కటేగా!" అంది. నిజంగానే దానికి అర్థం కాలేదు. ఒళ్ళు మండిపోయింది. తిట్టాల్సినవన్నీ తిట్టి పెట్టేశాను. కంట్లో చుక్క నీరు రాలేదు.

లోపలికొచ్చేసరికి అత్త నేను తెచ్చింది వెలిగించి, దాని ముందే కూర్చుని ఉంది. గదంతా మొగలి వాసన.

"ఇదేటే, ఇంత బాగుంది? మరి అవేటి?"

అవి నావి కావని, మోసపోయానని చెప్పాను. అత్త ఆ పెట్టెల వంక చూసింది.

"ఎలిగిస్తే తలనొప్పి వచ్చీదే" అంది మెల్లిగా. "మా మేనకోడలు గుంట సేసింది కదా అని రోజూ ఎలిగించినాను. నువ్వు బాధపడతావని సెప్పలేదు."

అప్పుడు ఏడ్చాను. పెరట్లో రానిదంతా అత్త ఒళ్ళో వచ్చింది.