కుట్టుమిషన్ ఎంత కరెంటు తింటుంది?

మా ఆయన పోయాక నవాగామ్‌లో ఒక అద్దె గదిలో చీరలకు ఫాల్ కుట్టి బతుకుతున్నాను. ఒకనాడు ఇంటి ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"గంత మొత్తుకుంటది నీ మిషన్, కరెంటంతా అదే తింటున్నది. బంద్ చెయ్, లేకుంటే గది ఖాళీ చెయ్!"

నాకు భయం కంటే, అది నిజమేనా అన్న ఆరాటమే ఎక్కువైంది. నా బిడ్డ మిషన్ మోటారు మీది చీటీని, పోల్చి చూడ్డానికి స్టూలెక్కి ఫ్యాను మీది చీటీని ఫోటోలు తీసింది. మోటారుకు వంద వాట్లు, ఫ్యానుకు డెబ్బై ఐదు.

"సూస్తివా, మిషనే ఎక్కువ," అంది ఓనరమ్మ.

"జర ఆగత్తా, గంటలు సూడాలె. అమ్మా, రోజుకు ఎన్ని గంటలు కుడతవ్?"

"ఎనిమిది."

"కూసున్న గంటలు కాదే, కాలుతో తొక్కే గంటలు."

నిజమే, గుడ్డ తిప్పేటప్పుడు మోటారు ఆగే ఉంటుంది. అందుకే అందులో సగం, నాలుగు గంటలు వేసుకున్నాం. ఫ్యానేమో పదహారు గంటలు తిరుగుతుంది. బిడ్డ వాట్లను గంటలతో, ముప్పై రోజులతో గుణించి వెయ్యితో భాగించింది. మిషన్‌కు నెలకు పన్నెండు యూనిట్లు, ఫ్యానుకు ముప్పై ఆరు. ఓనరమ్మ కట్టే బిల్లులో యూనిట్‌కు పడే ఎనిమిది రూపాయల లెక్కన మిషన్‌కు తొంభై ఆరు, ఫ్యానుకు రెండువందల ఎనభై ఎనిమిది.

ఓనరమ్మ తలెత్తి ఫ్యానును చూసింది.

"సప్పుడు లేకుంట గింత తింటదా ఇది! నువ్వు కుట్టుకో చెల్లే. బిడ్డా, జర మా ఇంట్లకొచ్చి అన్నిటి ఫోటోలు తియ్యరాదు?"