చెవి దుద్దు, బావగారి సిమ్

రాయపూర్ గుఢియారీలో మా నాన్నది ఫోన్ రీఛార్జ్ కొట్టు. పెళ్లయ్యేదాకా ఆ కౌంటర్ వెనక కూర్చున్నది నేనే. అందుకే, మేం రెండు జంటలం బ్యాంకాక్ బయల్దేరే ముందు ఉండబట్టలేక నోరు తెరిచాను.

"లోకల్ సిమ్ చవకే బావగారూ, నెట్ కూడా బోలెడు. కానీ మీ నంబరు మీద చిన్న రోమింగ్ ప్యాక్ ఉండాలి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. మీ ఫోన్‌లో పట్టేది ఒక్క సిమ్మే కదా."

బావగారు, అంటే మా ఆయన అన్నగారు, చుట్టాలందరి ముందూ నవ్వారు. "ఏటమ్మా, మీ నాన్నకి కమీషన్ ఎంతొస్తాదేటి? రోమింగంతా లూట్! దిగంగానే సిమ్ కొనేస్తే బస్, ఖతం."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా. ఆ నవ్వుని నేను మర్చిపోలేదు.

బ్యాంకాక్ విమానాశ్రయంలో సిమ్ అమ్మే పిల్ల బావగారి పాత సిమ్ తీసి, కాగితానికి అంటించి ఇచ్చింది. అయిదు రోజులు ఆయన వీడియో కాల్స్‌లో వెలిగిపోయారు. చవకే, నిజమే. నేనెప్పుడు కాదన్నాను?

తిరుగు ప్రయాణానికి ముందు రోజు పట్టాయా నుంచి బస్సులో వస్తున్నాం. హౌరా నుంచి రాయపూర్ టికెట్లు ఇంకా వెయిటింగ్‌లోనే ఉన్నాయి. మన పదింటికి, అంటే అక్కడి పదకొండున్నరకి, తత్కాల్ తెరిచారు. బావగారు పేర్లు కొట్టారు, కార్డు నంబరు కొట్టారు. ఓటీపీ అడిగింది. అది రావలసిన సిమ్ పర్సులో ఉంది.

"పిన్ను! ఎవరిదగ్గరైనా పిన్నుందా?"

తోటికోడలు పిన్నీసు ఇచ్చింది. లావుగా ఉండి సిమ్ అర తెరిచే కన్నంలో దూరలేదు. నా దుద్దు కాడ సరిగ్గా సరిపోతుంది. కొట్టులో ఎన్ని ఫోన్లు దాంతోనే తెరిచానో! మా ఆయన నా చెవి వైపు చూశారు. నేను కొంగు కప్పుకున్నాను. తత్కాల్ టికెట్లు అయిపోయాయి. నా కడుపు చల్లబడింది.

మర్నాడు రాత్రి హౌరాలో జనరల్ బోగీ ఎక్కి, మరుగుదొడ్డి పక్కన పెట్టెల మీద కూర్చున్నాం. నా నడుమూ విరిగింది, అయినా హాయిగానే ఉంది. బిలాస్‌పూర్ దాటాక బావగారు మెల్లగా అడిగారు. ఆయన ఫోన్‌లో ఇంకా ఆ దేశం సిమ్మే, ఇక్కడ అది ఎందుకూ పనికిరాదు.

"అమ్మా, సన్నగా ఏటైనా ఉందేటి?"

దుద్దు తీసి అరచేతిలో పెట్టాను. ఆయన దుద్దుని చూశారు, నా చెవిని చూశారు. అర్థమైంది.

"సిమ్ పెట్టాక పాత మెసేజులు చూడండి బావగారూ. బయల్దేరే ముందు రోజువి."

చూశారు. ఆయన నంబరుకి రోమింగ్ ప్యాక్ వేసినట్టు మెసేజ్. నేను చెప్పకుండానే వేశాడు మా నాన్న, తన డబ్బుతో.

"కమీషన్ ఎంతొచ్చిందో ఆయన్నే అడగండి," అన్నాను. "స్టేషన్‌కి వస్తానన్నాడు, మీ పెట్టెలు మొయ్యడానికి."